జానీ పోయిన రోజు స్నేహితుడికి ఏమని రాయాలి

(హనుమకొండలో, పెంపుడు జంతువులున్న కుటుంబాల కోసం ఒక గ్రంథాలయ హాలులో జరిగిన సభలో ఒక పశువైద్యుడి ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. టీకాల గురించి, వేసవి జాగ్రత్తల గురించి నాకంటే ముందు మాట్లాడిన డాక్టరు గారు చక్కగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. స్నేహితుడి ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ చనిపోయిందని మనకు తెలుస్తుంది. ఫోన్ చేతిలోకి తీసుకుంటాం. అక్కడ ఆగిపోతాం. ఏం రాయాలి? ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ నాలుగు వాక్యాల గురించే.

ఇది డాక్టరు చెప్పాల్సిన విషయమా అని కొందరికి అనిపించవచ్చు. కానీ జంతువు ప్రాణం పోయేటప్పుడు ఆ గదిలో ఉండేది మేమే. ఆ తర్వాత ఆ మనిషి నెల రోజులకు మళ్ళీ ఆసుపత్రికి వచ్చి, మిగిలిపోయిన మందులు వాపసు ఇస్తూ, "సార్, ఇంట్ల ఎవరికి చెప్పినా ఊకో అంటున్నరు" అని మా ముందే కూర్చుంటాడు. ఎవరు ఏ మాట అన్నారో, అందులో ఏది ముల్లులా గుచ్చుకుందో మాకే చెప్తారు. అలా విన్నవాటి మీద ఆధారపడే మాట్లాడుతున్నాను.

మనిషి పోయినప్పుడు మనకు మాటలు రాకపోయినా నడుస్తుంది, ఎందుకంటే చేయడానికి పనులుంటాయి. వెళ్ళి కూర్చుంటాం. మూడో రోజు పిట్టకు పెడతారు. పెద్దకర్మకు బంధువులంతా వస్తారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏమీ మాట్లాడకుండా చేయి పట్టుకుని అరగంట కూర్చుని వెళ్ళినా, వచ్చారన్న సంగతి ఇంటివాళ్ళకు గుర్తుంటుంది. ఆఫీసులో సెలవిస్తారు. కుక్క పోతే వీటిలో ఒక్కటీ ఉండదు. తెల్లారితే డ్యూటీకి పోవాలి. కళ్ళు ఎర్రగా ఉంటే దుమ్ము పడిందని చెప్పుకోవాలి. కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఇలాంటి దుఃఖం మీద ఒక పుస్తకమే తెచ్చారు. లోకం ఒప్పుకోని దుఃఖం, బయటికి చూపించుకునే హక్కు లేని దుఃఖం. మనిషికి బాధ ఉంటుంది కానీ, ఆ బాధకు చోటు ఉండదు. అందువల్లే ఇక్కడ స్నేహితుడు రాసే నాలుగు వాక్యాల మీద అంత బరువు పడుతుంది. మిగతా తంతు అంతా చేయాల్సిన పని ఆ నాలుగు వాక్యాలే చేయాలి.

ఒక్క ఇంటి సంగతి వివరంగా చెప్తాను. వాళ్ళను అడిగి, సరే అన్న తర్వాతే చెప్తున్నాను, పేర్లు మాత్రం చెప్పను.

కాజీపేటలో ఒక లోకో పైలట్. వాళ్ళింట్లో జానీ అని ఒక స్పిట్జ్. మనవాళ్ళంతా పామెరేనియన్ అంటారే, ఆ తెల్లటి బొచ్చు కుక్క. పన్నెండేళ్ళు నిండాయి. రైలు నడిపేవాళ్ళకు వేళాపాళా ఉండదని ఇక్కడ కాజీపేట వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది, డ్యూటీ సామాను ఉండే బాక్సు పట్టుకుని బయలుదేరాలి. జానీకి ఆ లైన్ బాక్సే గడియారం. బాక్సు తీసిన చప్పుడు వింటే లేచి గోడ మూలకు పోయి, అటు తిరిగి పడుకునేది. రెండు రోజులకు మనిషి తిరిగొచ్చి బాక్సు అరుగు మీద పెట్టగానే పరుగెత్తుకొచ్చేది. ముందు ఆయన కాళ్ళ దగ్గరికి రాదు. బాక్సు నాలుగు వైపులా వాసన చూసి, ఎక్కడెక్కడికి పోయొచ్చాడో తెలుసుకున్నట్టు చూసి, అప్పుడు కాళ్ళ మీద పడేది.

మొన్నటి వేసవిలో జానీ నీళ్ళు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. ఎండలు అలా ఉన్నాయి కదా అనుకున్నారు. మన దగ్గర మే నెలలో ఎవరు ఎక్కువ తాగరు? తర్వాత తిండి తగ్గింది, బక్కచిక్కింది. వాంతులు మొదలయ్యాక నా దగ్గరికి తెచ్చారు. నోటి నుంచి అదో రకమైన ఘాటు వాసన, చిగుళ్ళ మీద పుండ్లు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 9 దాటింది. కుక్కల్లో ఇది 5 దాటితేనే కిడ్నీ జబ్బులో ఆఖరి దశ అంటాం. సెలైన్ ఎక్కించి చూశాం, అంకె దిగలేదు. ఉడకబెట్టిన కార్జం అంటే ప్రాణం పెట్టే కుక్క, దాన్ని ముక్కు దగ్గర పెడితే మొహం పక్కకు తిప్పుకుంది. ఇక బాధ పెట్టవద్దని ఇంటివాళ్ళూ నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చాం. మడికొండలో వాళ్ళ బావమరిది పొలంలో పాతిపెట్టారు.

మర్నాడు ఆ లోకో పైలట్‌తో కలిసి పనిచేసే స్నేహితుడు నాకు ఫోన్ చేశాడు. "సార్, అన్న ఫోన్ ఎత్తుతలేడు. మెసేజ్ పెడదామంటే ఏం రాయాల్నో తెలుస్తలేదు. ఒకటి రాసిన, మీరు జర చూడుండ్రి" అన్నాడు. రాసింది చదివి వినిపించాడు.

"జానీ ఆత్మకు శాంతి చేకూరాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను. ఈ బాధను తట్టుకునే శక్తిని ఆ దేవుడు మీ కుటుంబానికి ప్రసాదించాలి. వాడు ఎక్కడున్నా సంతోషంగా ఉంటాడు. ధైర్యంగా ఉండు అన్నా. ఏదైనా అవసరం ఉంటే చెప్పు."

ఇందులో చెడ్డ మాట ఒక్కటీ లేదు. రాసిన మనిషి మనసు మంచిదే. అయినా జానీ పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా ఈ మెసేజ్ అలాగే సరిపోతుంది. వాళ్ళ నాయనమ్మ పోయినా ఇదే పంపొచ్చు, పై ఆఫీసరు పోయినా ఇదే పంపొచ్చు. అందుకని అతనికి ఒకే పని చెప్పాను. ఒక్కో వాక్యం తీసుకో, ఇది ఇంకెవరికైనా పనికొస్తుందా అని అడుగు, పనికొస్తే కొట్టెయ్. అలా కొట్టేసుకుంటూ పోతే చివరికి "అన్నా" ఒక్కటే మిగిలింది. అది మంచి పిలుపు, దాన్ని ఉంచాం.

"మరి ఏం రాయాలె?" అన్నాడు. "నీకు జానీ ఎట్ల తెలుసు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి బాక్సు సంగతి చెప్పాడు. నేను మీకు ఇందాక చెప్పిన ఆ వాసన చూసే ముచ్చట నాకు తెలిసింది అతని నోటి నుంచే. ఆసుపత్రిలో బల్ల మీద వణుక్కుంటూ నిలబడ్డ జానీనే నేను చూశాను. అరుగు మీది జానీని చూసింది అతను. పోయిన జంతువు గురించి ఇంటివాళ్ళు కాక మరొకరికి తెలిసిన సంగతి ఉందంటే, దాని విలువ వాళ్ళకు ఎంతో మీకు చెప్పలేను. కుక్క బతుకంతా ఒక ఇంట్లోనే గడుస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్ళు నలుగురో అయిదుగురో. బయటి మనిషి ఒకరు "నేనూ చూశాను" అంటే, వాళ్ళు పోగొట్టుకున్నది నిజంగా ఉండిందని ఒక సాక్షి దొరికినట్టు.

ఆ బాక్సు సంగతి పెట్టి మళ్ళీ రాయమన్నాను. ఈసారి వేరే రకం తిప్పలొచ్చింది. "జానీ కుక్క కాదన్నా, దేవుడు. మనుషుల్లో కూడా అంత విశ్వాసం ఉండదు" అని మొదలుపెట్టాడు. నాకు ఇది కూడా నచ్చలేదు. జానీ దేవుడు కాదు. పోస్ట్‌మ్యాన్‌ను చూస్తే గొంతు పోయేలా మొరిగేది, పక్కింటి చెప్పులు కొరికేది. ఇంటివాళ్ళు వెతుక్కుంటున్నది ఆ చెప్పులు కొరికే జానీనే. దాన్ని దేవుణ్ణి చేస్తే వాళ్ళ కుక్కను వాళ్ళకు దూరం చేసినట్టే. ఆ తర్వాత తన ఇంట్లో ఎప్పుడో చిన్నప్పుడు పోయిన కుక్క గురించి అయిదారు వాక్యాలు రాశాడు. బాధ నాకూ తెలుసు అని చెప్పాలని అతని ఉద్దేశం. కానీ చదివే మనిషి ఇప్పుడు ఇతన్ని ఓదార్చాల్సి వస్తుంది. అది తీసేయమన్నాను. కలిసినప్పుడు ఆయనే అడిగితే చెప్పొచ్చు.

చివరికి అతను పంపింది ఇది. మాట మార్చకుండా చదువుతాను.

"అన్నా, జానీ సంగతి నిన్న రాత్రి తెలిసింది. నువ్వు బల్లార్షా నుంచి వచ్చి బాక్సు అరుగు మీద పెట్టంగనే ఉరుకొచ్చి, ముందుగాల బాక్సు సుట్టూ వాసన చూసి, అటెన్క నీ కాళ్ళ మీద పడేటోడు. వాడు యాదికొస్తే నాకు గదే కండ్లల్ల కనవడుతది. ఆఖరి రాత్రులు నువ్వు వాని పక్కనే చాప ఏస్కొని పన్నవని వదిన చెప్పింది. దీనికి జవాబు రాయాల్సిన పనిలేదు. ఆదివారం నాకు రెస్ట్. పొద్దున ఏడింటికి వస్త, ఛాయ్ తాగుదం. మాట్లాడబుద్ధి కాకుంటే ఊకె కూసుందం."

మీరు గమనించే ఉంటారు, ఇందులో ఓదార్పు మాట ఒక్కటీ లేదు. ధైర్యంగా ఉండు అని లేదు. కాలమే మాన్పుతుంది అని లేదు. మొదట పేరు ఉంది, చచ్చిపోయిందన్న మాట చుట్టూ తిరగకుండా సంగతి తెలిసిందని ఉంది. తర్వాత తాను కళ్ళారా చూసిన ఒక్క దృశ్యం. తర్వాత ఆ మనిషి చేసిన పని, చాప వేసుకుని పక్కన పడుకోవడం. ఈ వాక్యం గురించి ఇంకాసేపట్లో మాట్లాడతాను, మొత్తం మెసేజ్‌లో బరువైనది అదే. ఆ తర్వాత జవాబు బాధ్యత తీసేశాడు. "ఏదైనా అవసరం ఉంటే చెప్పు" అన్నది పోయి ఆదివారం ఏడు గంటలు వచ్చింది. అవసరమేంటో వెతుక్కుని, అడగడానికి మొహమాటపడి, ఫోన్ చేసే పని దుఃఖంలో ఉన్న మనిషి మీద పెట్టకూడదు. మనమే ఒక రోజు, ఒక వేళ చెప్పాలి. వద్దనుకుంటే వద్దంటాడు.

రాయకూడని మాటల్లో ఒకదాని గురించి మాత్రం విడిగా చెప్పాలి. పోల్చడం. "కుక్కనే గద, మనుషులే పోతున్నరు" అని ముఖం మీద అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు, స్నేహితులు అలా అనరు. స్నేహితులు మెత్తగా పోలుస్తారు. "మీ నాన్నగారు పోయినప్పుడే తట్టుకున్నవ్, ఇదెంత" అంటారు. మెచ్చుకున్నట్టే ఉంటుంది, కానీ లోపల తక్కెడ ఉంటుంది. మహాప్రస్థానిక పర్వంలో ఇంద్రుడు ధర్మరాజుతో సరిగ్గా ఈ మాటే అంటాడు. తమ్ముళ్ళను, ద్రౌపదిని దారిలో వదిలి వచ్చావు, ఈ కుక్కను వదలలేవా అని. ధర్మరాజు జవాబు చూడండి. వాళ్ళు ప్రాణాలతో ఉండగా నేను వదల్లేదు, పోయాకే వదిలాను, చనిపోయినవాళ్ళతో ఇక చేయగలిగిందేమీ లేదు, ఇది బతికి ఉంది, నన్ను నమ్ముకుని వచ్చింది అంటాడు. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అనే లెక్కలోకే వెళ్ళడు. నమ్ముకుని వచ్చిన ప్రాణం పట్ల తన పని ఏంటో అదే చెప్తాడు. జానీ వాళ్ళ ఇంటాయనకు తన తండ్రి పోయినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ ఏడుపొచ్చిందట. దానికి ఆయన సిగ్గుపడ్డాడు. తండ్రి చివరి రోజుల్లో చూసుకోవడానికి అన్నదమ్ములున్నారు, అక్కచెల్లెళ్ళున్నారు. జానీకి ఈయన తప్ప ఎవరూ లేరు. ఏడుపు ఎంత రావాలో నిర్ణయించేది ప్రేమ ఒక్కటే అని నేను అనుకోను. ఎవరు ఎంతగా మన మీద ఆధారపడ్డారన్నది కూడా నిర్ణయిస్తుంది.

ఇప్పుడు ఆ చాప వాక్యం దగ్గరికి వస్తాను.

కుక్క పోయిన ఇంట్లో దుఃఖం పక్కనే ఇంకోటి కూర్చుని ఉంటుంది. తప్పు చేశామన్న బాధ. మనుషుల విషయంలో ప్రాణం తీయమని సంతకం పెట్టే పరిస్థితి మనకు రాదు. ఇక్కడ వస్తుంది. ఆ ఇంటాయన నెల తర్వాత నా దగ్గరికి వచ్చి రెండు ప్రశ్నలు అడిగాడు. మొదటిది, "నీళ్ళు ఎక్కువ తాగుతున్నప్పుడే తీసుకొస్తే బతికేటోడా సార్?" రెండోది అడగడానికి చాలాసేపు పట్టింది. "ఇంజెక్షన్ ఇచ్చినంక వాడు మల్ల ఒకసారి పెద్దగ ఊపిరి తీసిండు. బతికే ఉన్నడా? నేను తొందరపడ్డనా?"

మొదటిదానికి నేను చెప్పింది ఇది. కుక్క రెండు కిడ్నీల్లో కలిపి మొత్తం పనితనంలో ఇంచుమించు మూడొంతులు పోయేదాకా, నాలుగింట మూడు వంతులు అంటున్నాను, క్రియాటినిన్ మామూలు హద్దు దాటదు. నీళ్ళు ఎక్కువ తాగడం కనబడేసరికే చాలా భాగం పోయి ఉంటుంది. పోయిన భాగం తిరిగి రాదు. ముందే తెస్తే ఆహారం మార్చి, మందులిచ్చి కొంతకాలం పొడిగించగలిగేవాళ్ళం, అది నిజం. జబ్బు మాత్రం మాయమయ్యేది కాదు. "నీ తప్పేం లేదు" అని ఒక్క మాటతో తేల్చేయలేదు నేను. ఆయన అడిగింది ప్రశ్న, దానికి జవాబు కావాలి.

రెండోది. మేము ముందు మత్తు ఇచ్చి కుక్కను నిద్రలోకి పంపుతాం. తర్వాత నరంలోకి ఎక్కించే మందు ముందు తెలివిని ఆపుతుంది, తర్వాత ఊపిరిని, గుండెను. గుండె ఆగిపోయిన తర్వాత కూడా మెదడు అడుగు భాగం నుంచి ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు కదలిక రావచ్చు. కండరాలు అదరవచ్చు. కళ్ళు తెరిచే ఉంటాయి, మూసినా తెరుచుకుంటాయి. మూత్రం పోవచ్చు. అప్పటికి నొప్పి తెలిసే జానీ అక్కడ లేదు. ఇవన్నీ ముందే చెప్తాం, చెప్పాను కూడా. కానీ ఆ గదిలో నిలబడ్డ మనిషికి ఆ నిమిషాన ఏదీ చెవికెక్కదు. చూసింది మాత్రం కళ్ళలో మిగిలిపోతుంది. నేను స్టెతస్కోపు పెట్టి గుండె ఆగిందని చూసుకున్న తర్వాతే ఆ ఊపిరి వచ్చిందని చెప్తే, ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. నెల రోజులు ఆ ఒక్క ఊపిరినే మోస్తూ రైళ్ళు నడిపాడు.

ఇక్కడ స్నేహితుడి హద్దు ఎక్కడో చూడాలి. స్నేహితుడు క్రియాటినిన్ గురించి రాయకూడదు. నెట్‌లో చదివి "కిడ్నీ అయితే ఎట్లాగూ బతకదట" అని పంపకూడదు. వైద్యం మాట వైద్యుడి నోట రావాలి. "నువ్వు చేసింది కరెక్టే" అని తీర్పు కూడా వద్దు, అది ఎంత మంచి ఉద్దేశంతో అన్నా సరే. కరెక్టు అన్నవాడికి తప్పు అనే హక్కు కూడా ఉన్నట్టే కదా. మరి ఏం చేయగలడు? తనకు తెలిసిన నిజం ఒకటి పక్కన పెట్టగలడు. చాప వేసుకుని పడుకున్నావని. తీర్పు లేదు, పొగడ్త లేదు. జరిగింది జరిగినట్టు. రాత్రి రెండింటికి "నేనే చంపిన" అన్న ఆలోచన వచ్చినప్పుడు ఆ చాప కూడా యాదికి రావాలి. ఆ ప్రశ్నలు మరీ తినేస్తున్నాయని మీకు అనిపిస్తే, "డాక్టర్ దగ్గరికి పోదాం పా, నేనొస్త" అనండి. నా దగ్గరికి ఆయన్ను తీసుకొచ్చింది ఆ స్నేహితుడే.

అన్ని ఇళ్ళూ జానీ ఇల్లులా ఉండవు. ఒక్కోసారి తప్పు నిజంగానే జరిగి ఉంటుంది. గేటు తీసి ఉంచారు, కుక్క రోడ్డు మీదికి పోయింది. పిల్ల కుక్కకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టాల్సిన పార్వో టీకా ఇదిగో అదిగో అంటూ వాయిదా వేశారు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి, చూస్తుండగానే పోయింది. ఇలాంటప్పుడు "నీ తప్పేం లేదు" అని రాస్తే ఆ మనిషి నమ్మడు, పైగా ఇక మనతో నిజం మాట్లాడలేడు. దయచేసి అబద్ధం రాయకండి. తప్పు ఊసే ఎత్తకండి. గేటు గురించి ఆయనే ఎత్తితే వినండి, మధ్యలో సర్దిచెప్పకండి. మీరు రాసేదాంట్లో ఆ పిల్లకుక్క ఉండాలి, గేటు ఉండక్కర్లేదు.

పిల్లలున్న ఇంటికి రాస్తే ఒక్క జాగ్రత్త. "నిద్రపోయింది" అన్న మాట పెద్దవాళ్ళ మధ్య మేమూ వాడతాం, ఇందాక నేనే వాడాను. చిన్నపిల్లలతో వద్దు. రాత్రి పడుకోవడానికి భయపడతారు, అమ్మ పడుకున్నా లేపి చూస్తారు. చచ్చిపోయింది, ఒళ్ళు పని చేయడం ఆగిపోయింది, ఇక రాదు, దానికి ఇప్పుడు నొప్పి లేదు అని చెప్పాలి. పిల్లలకు విడిగా రెండు మాటలు రాయండి, వాళ్ళ పేరు పెట్టి.

ప్రశ్నలున్నాయంటున్నారు, అడగండి.

(ఒక శ్రోత: పర్కాల దిక్కు నుంచి వచ్చినం సార్. మీరు కుక్కల సంగతి చెప్పిండ్రు. మా ఇంట్ల కరెంటు షాక్ కొట్టి ఎద్దు పోయింది. వచ్చినోళ్ళందరు ఎంతకు కొన్నవ్, పైసలొస్తయా అనే అడిగిండ్రు.)

బాబాయ్, మీరు అడిగింది మంచి ప్రశ్న. ఎద్దు పోతే నష్టమూ నిజమే, పోస్ట్‌మార్టం కాగితాలు, పరిహారం దరఖాస్తు, అవీ చూసుకోవాల్సిందే. అందుకనే వచ్చినవాళ్ళకు పైసల మాట సులువుగా దొరుకుతుంది, అది అడిగితే సాయం చేసినట్టుంటుంది. కానీ జోడెద్దుల్లో ఒకటి పోతే రెండోది ఏం చేస్తుందో రైతుకు తెలుసు. మీ ఇంటికి వచ్చినవాళ్ళు అది అడగాల్సింది. ఉన్నది మేత ముడుతుందా? అలవాటైన పక్కకు తిరిగి చూస్తుందా? మీ ఎద్దు పేరేంటి?

(శ్రోత: రాముడు. ఉన్నది లచ్చన్న. వారం దినాలు కుడితి ముట్టలే.)

వారం రోజులు కుడితి ముట్టలేదు. ఇక్కడున్న అందరూ విన్నారు కదా. పరిహారం పని ఉంటే దానికి ఒక మనిషి పోవాలి, మీ వెంట మండల కార్యాలయానికి రావాలి. మాట రాసేవాళ్ళు రాముడి గురించి రాయాలి. రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో వద్దు.

(మరో శ్రోత: ఇంకో కుక్కపిల్లను తెచ్చిస్తే బాగుంటుందా సార్? సర్‌ప్రైజ్‌గా?)

వద్దమ్మా. సర్‌ప్రైజ్‌గా అసలే వద్దు. గిన్నె, గొలుసు, పడుకునే గోనెసంచి ఇంకా అక్కడే ఉంటాయి, వాటిని తీయాలో ఉంచాలో కూడా వాళ్ళు తేల్చుకుని ఉండరు. మీరు వెళ్ళినప్పుడు వాటిని సర్దేయకండి కూడా. కొందరు పది రోజుల్లోనే ఇంకోదాన్ని తెచ్చుకుంటారు, అదీ తప్పు కాదు. కొందరు ఎప్పటికీ తెచ్చుకోరు. ఆ నిర్ణయం వాళ్ళది. కుక్కపిల్లను పెంచే ఓపిక, తమ వయసు, ఖర్చు, ఇవన్నీ కూడా వాళ్ళే చూసుకోవాలి. ఇంకో సంగతి. పార్వోతో పోయిన ఇంటికి టీకాలు పూర్తికాని కొత్త పిల్లను తేవడం ప్రమాదం. ఆ వైరస్ నేలలో, గిన్నెల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు పోదు, బ్లీచింగ్ కావాలి. ముందు మమ్మల్ని అడగండి.

(ఇంకో శ్రోత: మెసేజ్ పెట్టినం, జవాబు రాలేదు. మల్ల పెట్టొచ్చా, ఊకోవాల్నా?)

పెట్టొచ్చు. మొదటి రెండు మూడు రోజులు అందరూ పెడతారు, తర్వాత ఎవరూ పెట్టరు. రెండు మూడు వారాల తర్వాత ఒకసారి రాయండి. "ఎట్లున్నవ్" అని అడిగితే "బాగున్న" అని వస్తుంది, అంతటితో ఆగిపోతుంది. పేరు పెట్టి రాయండి. లోకో పైలట్ స్నేహితుడు మూడు వారాల తర్వాత ఏం రాశాడో చెప్తాను. "అన్నా, ఇయ్యాల బల్లార్షా పోయొచ్చిన. బాక్సు దించుతుంటే జానీ యాదికొచ్చిండు." అంతే రాశాడు. పది నిమిషాలకు ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చిందట. గంటసేపు మాట్లాడుకున్నారట, ఎక్కువ భాగం ఆ పక్కింటి చెప్పుల గురించే.